మాస్క్ తీస్తే ముక్కు పక్కన పొడి గీత: ముఖం కొలతలో పొరపాటు, అంచుల్లో లీకు

ప్రశ్న: "నేను చెక్క పని చేస్తాను. శాండ్‌పేపర్‌తో రుద్దేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుంటాను. ముఖం పొడవు టేపుతో కొలిస్తే 124 మిల్లీమీటర్లు వచ్చింది, అందుకని మీడియం సైజు తీసుకున్నాను. రెండు చేతులతో మాస్క్‌ను మూసి ఊదితే అంచుల దగ్గర గాలి తగలడం లేదు. కానీ పని అయ్యాక మాస్క్ తీస్తే ముక్కుకు ఎడమ పక్కన సన్నటి పొడి గీత ఉంటోంది. తప్పు కొలతలో ఉందా, మాస్క్‌లో ఉందా, నేను పెట్టుకునే తీరులో ఉందా?"

మూడింటిలోనూ కొంత ఉండవచ్చు. అయితే ఊది చూసిన పరీక్షకూ పొడి గీతకూ పొంతన కుదరనప్పుడు గీతనే నమ్మండి. మీ మాస్క్ ముక్కు పక్కన లీకవుతోంది. మీ 124 బహుశా ముఖం పొడవు కాదు, టేపు నడిచిన దారి పొడవు. సరిగ్గా కొలిస్తే అంతకంటే తక్కువే వస్తుంది, అప్పుడు చిన్న సైజును కూడా వేసి చూడవలసి వస్తుంది. ఇక చేతులతో మూసి ఊదే పరీక్షలో మీ చేతులే లీకును మూసేశాయని నా అనుమానం.

పదిహేడేళ్లుగా నా పని ఇదే. కర్మాగారాల్లో, ప్రయోగశాలల్లో పనిచేసేవారి ముఖాలకు రెస్పిరేటర్లు అమరాయో లేదో పరీక్షిస్తుంటాను. ఆ అనుభవంతో ఒక్కొక్కటీ చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. ఎన్95 అంటే, పరీక్షలో వాడే అతి కష్టమైన సైజు కణాల్లో కనీసం 95 శాతాన్ని దాని వడపోత గుడ్డ ఆపుతుందని అర్థం. అంటే గుడ్డ గుండా 5 శాతం దాకా లోపలికి రావచ్చు. ఇప్పుడు మీరు పీల్చే గాలిలో ఐదో వంతు ముక్కు పక్క సందులోంచి వస్తోందనుకోండి. ఆ గాలికి వడపోతే లేదు. సందులోంచి 20 శాతం పొడి, గుడ్డలోంచి ఇంకో 4 శాతం, మొత్తం 24. దీన్ని పక్కన పెట్టి 99.97 శాతం ఆపే ఖరీదైన మాస్క్ కొన్నా, సందు అలాగే ఉంటే 20 శాతం పొడి రావడం మానదు. నిజానికి ఇంకా ఎక్కువే రావచ్చు. గుడ్డ దట్టంగా ఉండి గాలికి ఎక్కువ అడ్డు పడితే, గాలి సులువైన దారి చూసుకుని సందు వైపే మళ్లుతుంది. పొడి పేరుకుని గుడ్డ మూసుకుపోయిన పాత మాస్క్‌లోనూ ఇదే జరుగుతుంది. అందుకే "ఇంకా మంచి ఫిల్టర్ కొననా?" అని అడిగేవారికి ముందు అంచు సంగతి చూడమంటాను.

ఇక కొలత. రెస్పిరేటర్ల పనిలో ముఖం పొడవు అంటే ముక్కు మొదట్లో, రెండు కళ్ల మధ్య ఉండే పల్లం నుంచి చుబుకం అడుగు ఎముక దాకా ఉన్న నేరు దూరం. (తెలుగులో గడ్డం అంటే ఎముకా అదే, వెంట్రుకలూ అవే. అయోమయం రాకుండా ఎముకను చుబుకం అంటాను, వెంట్రుకలను గడ్డం అంటాను.) దర్జీ టేపు పెడితే అది ముక్కు మీదుగా ఎక్కి, పెదవుల దగ్గర దిగి, చుబుకం మీద మళ్లీ వంగుతుంది. అలా తీసిన కొలత నేరు దూరం కంటే పది, పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ రావడం నేను చాలాసార్లు చూశాను. ముక్కు ఎత్తుగా ఉన్నవారికి తేడా ఇంకా పెరుగుతుంది. మాస్క్ సైజుల మధ్య తేడా కూడా దాదాపు అంతే కాబట్టి ఈ పొరపాటు ఒక్కటే మనిషిని ఒక సైజు పైకి నెట్టేస్తుంది.

ఇంట్లో ఇలా కొలవండి. కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదురుగా చూడండి. నోరు మూసి, పళ్లు ఒకదానికొకటి తేలికగా తగిలేలా ఉంచండి. పళ్లు ఎడంగా ఉంటే దవడ దిగి కొలత పెరుగుతుంది, గట్టిగా కొరికితే తగ్గుతుంది. కనుబొమల మధ్య నుంచి వేలి కొనను కిందికి జార్చండి. నుదురు ఎముక అయిపోయి ముక్కు దూలం మొదలయ్యే చోట వేలు ఒక పల్లంలో ఆగుతుంది. అదే పై గుర్తు. కళ్లజోడు ఆనే చోటు దీనికి కాస్త కిందికి ఉంటుంది, అక్కడ మొదలుపెట్టకండి. కింది గుర్తు చుబుకం అడుగున ఎముక తగిలే చోటు. కండ ఉంటే తేలికగా నొక్కి ఎముకను వెతకండి. ఒక గట్టి స్కేలును ముఖానికి పక్కగా నిలువుగా పట్టుకుని, పై గుర్తుకు ఒక అట్టముక్కను, కింది గుర్తుకు మరొక అట్టముక్కను స్కేలుకు లంబంగా ఆనించి చూడాలి. ఈ పని ఇంకొకరి చేత చేయించుకుంటే మేలు. ఒంటరిగా అద్దంలో చూస్తూ చేస్తే తల వంగుతుంది.

వెడల్పు ఇంకా తికమక పెడుతుంది. కావలసింది రెండు చెంప ఎముకల మధ్య అత్యంత వెడల్పైన చోటు. అది చాలామంది అనుకున్నట్టు కళ్ల కింద ఉండదు. ఇంకా వెనక్కి, చెవులకు కొంచెం ముందు, కమాను ఎముక మీద ఉంటుంది. మేము వంగిన చేతులున్న కాలిపర్‌తో కొలుస్తాం. వర్క్‌షాపులో వాడే మామూలు వెర్నియర్ కాలిపర్ ఇక్కడ పనికిరాదు. దాని దవడలు పొట్టివి, ముక్కు అడ్డం వచ్చి చెంపల వెనక దాకా చేరవు. ఇంట్లో అయితే బల్ల మీద రెండు మందపాటి పుస్తకాలను నిలబెట్టి, వాటి మధ్య ముఖం పెట్టి, రెండు వైపులా ఎముకకు ఆనేదాకా జరపండి. పుస్తకాలు సమాంతరంగా ఉండాలి, చర్మం నొక్కుకోకూడదు. తల మెల్లగా బయటికి తీసి మధ్య ఖాళీని కొలవండి. పొడవునూ వెడల్పునూ మూడేసిసార్లు తీయండి. మూడు అంకెలూ మూడు మిల్లీమీటర్ల లోపల ఉంటే సరే, లేకపోతే మళ్లీ తీయండి.

ఫోనుతో ఫోటో తీసి కొలుస్తామని కొందరు వస్తుంటారు. చేయి చాపినంత దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగానూ, వెనక ఉన్న చెంప కమానులు చిన్నవిగానూ పడతాయి. పక్కన స్కేలు పెట్టి తీసినా అంతే, ఎందుకంటే స్కేలు ముక్కు దగ్గర ఉంటుంది, ఎముక వెనక ఉంటుంది. ఫోటో కంటే పుస్తకాల పద్ధతే నయం.

ఈ రెండు అంకెలతో ఏం చేయాలి? అమెరికాలో కార్మికుల ఆరోగ్యం, భద్రతల మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 2003లో రెస్పిరేటర్లు వాడే దాదాపు 4 వేల మంది ముఖాలను కొలిపించి, వాటిని బట్టి ఒక పట్టిక తయారుచేసింది. అందులో నిలువునా ముఖం పొడవు 98.5 నుంచి 138.5 మిల్లీమీటర్ల దాకా, అడ్డంగా వెడల్పు 120.5 నుంచి 158.5 దాకా ఉంటుంది. దాన్ని పది గళ్లుగా విభజించారు. మాస్క్ నమూనాలను పరీక్షించేందుకు మనుషులను ఆయా గళ్ల నుంచి ఎంచుకోవడానికి ఈ పట్టిక వాడతారు. అంతకుముందు వాడిన పట్టిక 1960ల చివర్లో అమెరికా వైమానిక దళ సిబ్బందిని కొలిచిన అంకెల మీద నిలబడింది. వయసులో, శరీరంలో, జాతిలో ఒక మూసలో ఉన్న మనుషులను కొలిచి అందరికీ అదే వర్తింపజేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. కొత్త పట్టిక కూడా ఒక్క దేశపు కార్మికులదే. ఆ గళ్లకు బయట పడే ముఖాలు లోకంలో తక్కువేమీ కావు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొలత ఏ మాస్కులను ముందు వేసి చూడాలో చెబుతుంది. ఏ మాస్క్ సరిపోతుందో చెప్పదు. పొడవూ వెడల్పూ ఒక్కటే అయిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే మాస్క్ పెడితే ఒకరికి అతుక్కుంటుంది, ఒకరికి లీకవుతుంది. ముక్కు దూలం ఎత్తు, ముక్కు రెక్కల వెడల్పు, చెంపల్లో గుంట, చుబుకం కోసుగా ఉందా చదునుగా ఉందా అన్న సంగతులు ఆ రెండు అంకెల్లో లేవు. పైగా కంపెనీల సైజులకు ఉమ్మడి కొలమానం లేదు. ఒకరి మీడియం ఇంకొకరి స్మాల్ అంత ఉండవచ్చు. అందుకే మీ కొలతలు తెలిశాక, మీరు కొనే మాస్క్ కంపెనీ తన సైజు పట్టికలో ఏమని రాసిందో చూడండి. పట్టిక ఇవ్వని కంపెనీ మాస్క్ అయితే ఒకటి వేసుకుని చూడడమే.

ఇప్పుడు మీ పొడి గీత దగ్గరికి వద్దాం. లీకును కొలిచే యంత్రం నాకు అందుబాటులో లేని రోజుల్లో ఈ గీతలే దారి చూపాయి. మాస్క్ తీయగానే ముఖం తుడుచుకోకుండా అద్దం ముందు నిలబడి, టార్చిని పక్క నుంచి వేసి చూడండి. మాస్క్ లోపలి అంచునూ అలాగే చూడండి. గాలి వేగంగా దూరే చోట పొడి సన్నటి చారలా పడుతుంది, బయట వెడల్పుగా మొదలై లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. చార చెంప మీద ఉంటే మాస్క్ వెడల్పు కుదరలేదు, లేదా పట్టీ బిగువు చాలదు. చుబుకం కింద ఉంటే మాస్క్ పొడవు కుదరలేదు. ముక్కు పక్కన ఉంటే మొదటి అనుమానం ముక్కు మీది లోహపు బద్ద మీదే.

మీ గీత ఒక్క ఎడమ వైపే ఉందన్నారు. ఒక చేత్తో, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి బద్దను గిల్లినట్టు నొక్కుతున్నారేమో గమనించండి. అలా గిల్లితే బద్ద దూలం మీద గుడారంలా కోసుగా లేస్తుంది, కింద రెండు పక్కలా సొరంగాలు మిగులుతాయి. పైగా బొటనవేలి బలం ఒక వైపు, చూపుడువేలి బలం మరో వైపు పడడంతో రెండు పక్కలా ఒకేలా వంగదు. సరైన పద్ధతి వేరు. రెండు చేతుల చూపుడు, మధ్య వేళ్లను బద్ద నడిమధ్య పెట్టి, అక్కడి నుంచి చెంపల వైపు ఒకేసారి జార్చుతూ ముక్కు ఆకారానికి వంచాలి. ఒకసారి చాలకపోతే మళ్లీ మధ్య నుంచే మొదలుపెట్టాలి. ముక్కు దూలం చదునుగా ఉన్నవారికి బద్ద ఎంత వంచినా పక్కల సందు మిగిలిపోతుంటే, లోపల ముక్కు దగ్గర మెత్తటి నురగ పట్టీ ఉన్న నమూనా వెతకాలి.

ముక్కు దగ్గరి లీకుకు ఇంకో కారణం చాలాసార్లు తల వెనక దొరుకుతుంది. పై పట్టీ నడినెత్తికి వెనగ్గా, ఎత్తులో ఉండాలి. కింది పట్టీ చెవుల కింద, మెడ వెనక ఉండాలి. రెండూ మెడ దగ్గరే వేసుకుంటే మాస్క్‌ను కిందికే లాగుతాయి, ముక్కు దగ్గర పట్టి ఉంచేది ఏదీ ఉండదు. జారిపోతోందని పట్టీలను అడ్డంగా మార్చి వేసుకునేవారూ ఉన్నారు. అప్పుడు లాగే దిశ మారి మాస్క్ పక్కలు ముడుచుకుంటాయి. చెవులకు తగిలించే రకం మాస్కుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెవులు నొప్పి పెట్టకుండా ఉండేంత బిగువుతో అంచు చర్మానికి అతుక్కోవడం అరుదు. వెనక కొక్కెంతో రెండు ఉచ్చులనూ కలిపితే కొంత మెరుగు.

ఇక మీరు చేసిన ఊదే పరీక్ష. దీన్ని సీల్ చెక్ అంటాం. మాస్క్ పెట్టుకున్న ప్రతిసారీ చేయాలి, అది నిజమే. కానీ మీరు చేసినదానిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, "మూసి" అన్నారు. మాస్క్‌ను చేతులతో నొక్కితే లీకయ్యే అంచు చర్మానికి అంటుకుంటుంది, చేతులు తీయగానే మళ్లీ లేస్తుంది. చేతులు మాస్క్‌కు తాకీ తాకనట్టు ఉండాలి, ఆకారం చెడకూడదు. రెండోది, ఊదడం ఒక్కటే చేశారు. పొడి లోపలికి వచ్చేది పీల్చేటప్పుడు. వాడి పారేసే మెత్తటి మాస్క్‌ను ఊపిరి వదిలే గాలి ముఖం నుంచి ఎత్తుతుంది, పీల్చే గాలి ముఖం వైపు లాగుతుంది. కాబట్టి వదిలేటప్పటి లీకూ పీల్చేటప్పటి లీకూ ఒక్కటి కావు. రెండూ చూడాలి. ఊపిరి కొంచెం జోరుగా పీల్చినప్పుడు మాస్క్ కాస్త లోపలికి కుంగాలి, అంచుల్లో ఎక్కడా చల్లటి గాలి తగలకూడదు. తర్వాత మెల్లగా వదిలినప్పుడు మాస్క్ కొద్దిగా ఉబ్బాలి, కళ్ల కిందా చెంపల మీదా వెచ్చటి గాలి తగలకూడదు. కంటి కింద చర్మాన్ని కొంచెం తడి చేసుకుంటే గాలి తగలడం తేలిగ్గా తెలుస్తుంది. ఊపిరి వదిలే కవాటం ఉన్న మాస్క్ అయితే దాన్ని అరచేత్తో తేలికగా మూస్తే తప్ప వదిలే పరీక్షకు అర్థం లేదు. అది తెరుచుకుని గాలిని వదిలేస్తుంది కాబట్టి లీకు ఉన్నా తెలియదు.

కళ్లజోడు ఆవిరి పట్టడం మంచి సూచన, కానీ ఒక వైపే పనిచేస్తుంది. ఆవిరి పడితే పైన లీకు ఉంది. పట్టకపోతే లీకు లేదని కాదు. చుబుకం కింద లీకయ్యేదాన్ని కళ్లజోడు పట్టించుకోదు.

ఇన్ని జాగ్రత్తలతో చేసినా సీల్ చెక్ మోటు పరీక్షే. పరీక్షకు వచ్చినవారిని యంత్రం పెట్టకముందు "మీకు ఎలా ఉంది?" అని అడుగుతాను. బాగా అతుక్కుందని ధీమాగా చెప్పినవారిలో చాలామంది ఐదు నిమిషాల తర్వాత విఫలమయ్యారు. చర్మానికి పెద్ద లీకు తెలుస్తుంది గానీ నూటికి రెండు, మూడు వంతుల లీకు తెలియదు. దానికి ఫిట్ టెస్ట్ కావాలి, అంటే మాస్క్ ముఖానికి ఎంత బాగా అమరిందో యంత్రంతోనో రుచితోనో తేల్చే పరీక్ష.

ఒక పరీక్షను అంకెలతో సహా చెబుతాను, ఎందుకంటే అది మీ సమస్యకు చాలా దగ్గర. ఒక ప్రయోగశాల ఉద్యోగిని వచ్చారు. ముఖం పొడవు 103, వెడల్పు 134. అంటే పొట్టి ముఖం, మధ్యస్థ వెడల్పు. రెండేళ్లుగా గిన్నె ఆకారపు మాస్క్, మామూలు సైజు వాడుతున్నారు. సీల్ చెక్ బాగుంది, కళ్లజోడు ఆవిరి పట్టదు. యంత్రం మాస్క్ బయట ఎన్ని కణాలున్నాయో, లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి భాగిస్తుంది. వచ్చిన అంకెను ఫిట్ ఫ్యాక్టర్ అంటారు. ఇలాంటి సగం ముఖం మాస్కులకు అది కనీసం 100 ఉండాలి. అంటే బయటి వంద కణాలకు లోపల ఒకటి మించకూడదు. ఇది ఊరికే కూర్చుని చేసే పరీక్ష కాదు. మామూలు శ్వాస, దీర్ఘ శ్వాస, తల పక్కలకు తిప్పడం, పైకీ కిందికీ ఎత్తి దించడం, బిగ్గరగా చదవడం, నడుము వంచడం, మళ్లీ మామూలు శ్వాస, ఒక్కోటి ఒక నిమిషం.

ఆమెకు వరుసగా 190, 130, 150, 30, 22, 70, 160 వచ్చాయి. ఈ ఏడింటి మామూలు సగటు 107. పాసైనట్టే అనిపిస్తుంది. కానీ అలా లెక్కకట్టరు. లోపలికి వచ్చిన కణాలను కూడాలి కాబట్టి ప్రతి అంకెనూ తలకిందులు చేసి, కూడి, ఏడును దానితో భాగిస్తారు.

```
7 / (1/190 + 1/130 + 1/150 + 1/30 + 1/22 + 1/70 + 1/160) = 59
```

59 అంటే విఫలం. కదలకుండా కూర్చున్న నిమిషాల్లో ఎంత బాగా అతుక్కున్నా, మాట్లాడిన ఒక్క నిమిషంలో వచ్చిన పొడిని అది రద్దు చేయదు. అంకెల కంటే అవి పడిపోయిన చోటు ముఖ్యం. తల ఎత్తినప్పుడూ మాట్లాడినప్పుడూ పడిపోయాయంటే దవడ కదలికతో సంబంధం ఉంది. అద్దంలో చూపించాను. మాస్క్ పొడవు ఆమె ముఖానికి ఎక్కువై కింది అంచు చుబుకాన్ని పట్టుకోకుండా దాని కిందికి వేలాడుతోంది. నోరు తెరిచినప్పుడల్లా దవడ మాస్క్‌ను కిందికి లాగుతోంది, పైన ముక్కు పక్కన తెరుచుకుంటోంది. లీకు ముక్కు దగ్గర, కారణం చుబుకం దగ్గర. రెండేళ్లుగా ఆమె బద్దను నొక్కుతూనే ఉన్నారు.

మూడు మడతలుగా తెరుచుకునే రకంలో చిన్న సైజు ఇచ్చాను. దాని కింది భాగం చుబుకాన్ని గరిటెలా పట్టుకుంటుంది, పై భాగం విడిగా ముక్కు మీద నిలుస్తుంది, దవడ కదిలినా పై భాగం అంతగా కదలదు. ఈసారి 180, 170, 175, 150, 120, 165, 170 వచ్చాయి. అదే సూత్రంతో 159. కదలకుండా ఉన్నప్పటి మొదటి అంకె పాత మాస్క్ కంటే కొంచెం తక్కువే అన్నది గమనించండి. కదలకుండా చేసే సీల్ చెక్ ఎందుకు మోసగించిందో అక్కడే ఉంది.

యంత్రం లేనిచోట రుచితో చేసే పరీక్ష ఉంది. తల మీద పారదర్శకమైన ముసుగు వేసి, శాకరిన్ లేదా చేదు ద్రవాన్ని సన్నటి తుంపరగా లోపలికి కొడతారు, మాస్క్ పెట్టుకున్న మనిషి అవే వ్యాయామాలు చేస్తారు. రుచి తెలిస్తే విఫలం. దీని కిటుకంతా ముందు మెట్టులో ఉంది. మాస్క్ లేకుండా చాలా పలచటి ద్రవం కొట్టి, మనిషికి ఎన్ని తుంపరలకు రుచి తెలుస్తుందో చూస్తారు. పది, ఇరవై, ముప్పై, అంతే. ముప్పైకీ తెలియకపోతే ఆ మనిషికి ఆ ద్రవం పనికిరాదు. అసలు పరీక్షలో వాడే శాకరిన్ ద్రవం ఆ పలచటిదానికి వంద రెట్లు చిక్కన. కాబట్టి నూటికి ఒక వంతు లోపలికి వచ్చినా నాలుకకు తెలుస్తుంది. ఇంట్లో తీపి నీళ్లు తుంపర కొట్టి చూశామని చెప్పేవారు దాదాపు అందరూ ఈ మొదటి మెట్టును వదిలేస్తారు. అప్పుడు రుచి తెలిస్తే లీకుందని నమ్మవచ్చు. తెలియకపోతే మాత్రం మాస్క్ బాగుందో, నాలుక మొద్దుబారిందో చెప్పలేం. పరీక్షకు పావుగంట ముందు నుంచి తినకూడదు, నీళ్లు తప్ప తాగకూడదు. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఈ ప్రయోగం చేయవద్దు. పొగ గొట్టంతో చేసే పరీక్ష అయితే ఎవరూ ఇంట్లో చేయవద్దు. ఆ పొగ తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది, గొంతునూ కళ్లనూ మంట పెడుతుంది.

గడ్డం గురించి మీరు అడగలేదు. ఉంటే పైన రాసినదంతా వృథా. అంచు ఆనే చోట నిన్నటి గరుకు కూడా అంచును చర్మం నుంచి ఎత్తి పెడుతుంది. ఆ స్థితిలో మేము పరీక్షే మొదలుపెట్టం. అంచు లోపల ఇమిడిపోయే మీసంతో పేచీ లేదు.

మీరు చేయవలసినది ఈ వరుసలో చేయండి. ముందు ఇప్పుడున్న మాస్క్‌తోనే, కొత్తది ఒకటి తీసి, రెండు చేతులతో బద్ద వంచి, పట్టీలు సరిచేసుకుని ఒక రోజు పని చేయండి. చాలాసార్లు వాడినదానికి పట్టీల సాగుడు పోయి ఉంటుంది, దానితో పరీక్షించకండి. గీత పోతే సమస్య పెట్టుకునే తీరులోనే ఉంది. పోకపోతే అద్దం ముందు నిలబడి, మాస్క్‌తో ఒక పేరా బిగ్గరగా చదవండి. తల ఎత్తి దించండి. ముక్కు మీది అంచు జారి కిందికి దిగుతుంటే మీ కథ కూడా ఆ ప్రయోగశాల ఉద్యోగిని కథే. అప్పుడు పొడవు మళ్లీ కొలవండి. 124 కాస్తా 110 దరిదాపులకు వస్తే చిన్న సైజుతో మొదలుపెట్టి, రెండు మూడు ఆకారాలు వేసి చూడండి. నిజంగానే 124 వస్తే సైజు మార్చకండి, ఆకారం మార్చండి.

ఏ వాడి పారేసే మాస్కూ కుదరకపోతే సిలికాన్ అంచు ఉన్న, ఫిల్టర్ మార్చుకునే సగం ముఖం రెస్పిరేటర్‌కు వెళ్లండి. దాని సీల్ చెక్ చాలా నమ్మదగినది. ఫిల్టర్ల మీద అరచేతులు తేలికగా మూసి, మెల్లగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగపట్టండి. లోపలికి కుంగిన రెస్పిరేటర్ ఆ పది సెకన్లూ అలాగే ఉంటే అంచు బాగుంది, మెల్లగా తిరిగి ఉబ్బితే ఎక్కడో గాలి దూరుతోంది. దానికీ ఒకసారి ఫిట్ టెస్ట్ చేయించుకోండి. పళ్లు తీయించుకున్నా, కట్టుడు పళ్లు పెట్టించుకున్నా, తొమ్మిది పది కిలోల బరువు పెరిగినా తగ్గినా ఆ పరీక్ష పాతదైపోయినట్టే, మళ్లీ చేయించాలి.

కళ్లకు అద్దాలు పెట్టుకుంటే మాస్క్ తర్వాతే పెట్టుకోండి. ముందు పెట్టుకుంటే వాటి ముక్కు దిమ్మలు బద్దను ఆనాల్సిన చోట ఆననివ్వవు. పరీక్ష కూడా వాటితోనే చేయించుకోండి, ఎందుకంటే మీరు పని చేసేది వాటితోనే.